రక్తపరీక్షకు అందని అలసట

క్రియాటినిన్ మామూలుగానే ఉందని కాశీబుగ్గ ల్యాబులో కాగితం చేతికిచ్చిన రోజు నాకు దిగులేసింది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో పుట్టినవాడెవడైనా ఆ కాగితం చూసుకుని సంతోషంగా ఓ కొబ్బరికాయ కొట్టాలి. నేను మాత్రం ల్యాబు మెట్ల మీద కూలబడి, పదో తరగతి తప్పిన కుర్రాడిలా మొహం వేలాడేశాను. కిడ్నీలు పాసయ్యాయి, నేను ఫెయిలయ్యాను.

ఇంత బుద్ధితక్కువ మనిషిని మీరు చూసి ఉండరు. నాకా జబ్బు ఉందని తేలితే బాగుణ్ణని లోపలెక్కడో కోరుకున్నాను. మా చిన్నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. మా వీధిలో ఇంటికొకరు మంచం మీదున్నారు. అలాంటి చోట పుట్టి అలాంటి కోరిక కోరుకున్నానంటే, నా ఒళ్ళు బాగానే ఉన్నా బుర్ర ఎంత పాడైందో చూడండి. ఎందుకు కోరుకున్నానంటే, మా వైపు ఒక చట్టం ఉంది. ఎక్కడా రాసి లేదు గాని అందరికీ తెలుసు. చావబోయేవాడికే పడుకునే హక్కు. మిగతావాళ్ళు ఎంత అలిసిపోయినా నిలబడే ఉండాలి. ఆ చట్టం మీద నాకు ఇప్పటికీ మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. కాపురం కాశీబుగ్గలో. పలాసలో పాసింజరెక్కి, నౌపడలో దిగి, ఆటో పట్టుకుని టెక్కలి చేరేవాణ్ణి. బతకలేక బడిపంతులు అంటారు. నేను బడిపంతుల్నయ్యాక బతకలేకపోయాను, అంతే తేడా.

మొదట్లో అలా కాదు. తెల్లవారకుండా పాసింజరులో కూర్చుని, నౌపడ ఉప్పుమళ్ళ మీద వెలుగు పడుతుంటే, ఆ రోజు కాంతి పరావర్తనం పాఠం ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ వెళ్ళేవాణ్ణి. పాఠం బాగా కుదిరిన రోజు తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరక్కపోయినా పట్టేది కాదు. తరవాత్తరవాత క్లాసుల చుట్టూ వేరే పనులు మొలిచాయి. పొద్దున్న స్టడీ అవర్లు, రాత్రి స్టడీ అవర్లు, వంతుల వారీగా హాస్టలు డ్యూటీ, వారం వారం పరీక్షలు, వాటి మార్కులు గోడకి అంటించడం, తక్కువొచ్చినవాళ్ళని వరండాలో నిలబెట్టడం. నిలబెట్టినవాళ్ళకి కాపలాగా నేనూ నిలబడేవాణ్ణి. శిక్ష ఎవరికో నాకు తెలిసేది కాదు.

అన్నిటికన్నా పెద్దది ఎండాకాలం పని. పరీక్షలైపోగానే మాస్టర్లందరినీ జీపులెక్కించి ఊళ్ళ మీదకి తోలేవారు. పదో తరగతి రాసిన పిల్లలున్న ప్రతి గడపా తొక్కాలి. కాలేజీ గొప్పలు చెప్పాలి, అడ్మిషను పట్టుకురావాలి. దాని పేరు కాన్వాసింగ్. నాకు కవిటి, కంచిలి వైపు అప్పజెప్పేవారు. నా సొంత ఊళ్ళు, నా చుట్టాలు, నా యాస. ఎవరింటికెళ్ళినా 'రా బావా', 'కూకో మావా' అని మంచినీళ్ళిచ్చేవారు. ఆ మంచినీళ్ళని అడ్మిషన్లుగా మార్చడం నా విద్య. నా మాటకారితనం చూసి మా డైరెక్టరు, అంటే కాలేజీ పెట్టిన పెద్దమనిషి, తెగ మురిసిపోయేవాడు. పుట్టుకతో వచ్చిన చమత్కారాన్ని అంత చవగ్గా అమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రక్తపరీక్ష చేయించుకున్న ఏడు ఎండాకాలంలో కవిటి దాటాక ఒక ఊళ్ళో ఒకింటికి వెళ్ళాం. నేనూ, నాతో ఎప్పుడూ వచ్చే కెమిస్ట్రీ మాస్టారూ. కొబ్బరాకుల పందిరి కింద నులకమంచం మీద ఇంటాయన పడుకుని ఉన్నాడు. మొహం ఉబ్బింది, ఒళ్ళు బూడిద రంగు తిరిగింది. ముందురోజే విశాఖపట్నంలో రక్తం శుద్ధి చేయించుకుని వచ్చాడట. కూతురికి పదిలో మంచి మార్కులు వస్తాయని స్కూలు మాస్టర్లు చెప్పారట.

ఆయన నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "బావూ, నా పిల్లని ఇంజినీరు సేత్తారా? నానుండగా సూత్తానా?"

నేను ఆయన మాట వింటూ చేతి గడియారం చూసుకున్నాను.

తొందరుండి కాదు. ఆయన బాధ నాలోకి రాలేదు, అంతే. ఒక ఇల్లు, ఒక అడ్మిషను, ఆ వీధిలో ఇంకెన్ని ఇళ్ళున్నాయి అన్న లెక్క. నాకు ఏమీ అనిపించడం లేదని నాకే తెలిసింది. అది తెలిసి కూడా ఏమీ అనిపించలేదు. తరవాత నోరు తెరిచి, ఎప్పుడూ చెప్పే మాటలు మొదలుపెట్టబోతే గొంతులోంచి మాట రాలేదు. కెమిస్ట్రీ మాస్టారు నా మోచెయ్యి తట్టి, నా బదులు తనే అప్పజెప్పేశాడు.

జీపెక్కాక అన్నాడు. "ఏటైంది మాస్టారూ? మీ నోరు పడిపోనాదంటే కాలేజీ పడిపోద్ది."

"నోరు కాదు మాస్టారూ, నేనే పడిపోయాను," అన్నాను. జోకనుకుని డ్రైవరు కూడా నవ్వాడు. నా జీవితంలో చెప్పిన నిజాలన్నిటికీ ఇదే గతి పట్టింది.

ఆ వారమంతా మా ఊళ్ళోనే, అమ్మ దగ్గర పడుకున్నాను. పడుకున్నానే గాని నిద్ర లేదు. పొద్దున్న లేస్తే రాత్రంతా ఉప్పు మోసినవాడిలా ఒళ్ళు బరువు. అమ్మ నా దగ్గరికొచ్చి, ఏం అడక్కుండా నా పంచె మోకాలి దాకా లాగి, ముందరి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసి సొట్ట పడిందా అని చూసింది. మా వైపు ఎవరైనా 'అలుపుగా ఉంది' అన్నారంటే పక్కనున్నవాళ్ళు ముందు చేసే పని ఇదే. వాపుంటే సొట్ట నిలబడుతుంది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో కూడా ఇలా నొక్కి చూసుకునేవాళ్ళని చూశాను.

"సొట్ట నేదు," అంది అమ్మ. ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ నమ్మకం చాలక రెండో కాలు నొక్కింది. "అయినా రగతం తీయించీ నాయనా. మీ సిన్నాన్నకీ మొదుట్లో నేదు."

అప్పుడే నాలో ఆ పాడు ఆశ పుట్టింది. జబ్బయితే బాగుణ్ణు. జబ్బయితే ఎవరూ అడగరు. డైరెక్టరు కూడా అడగడు. హాయిగా పడుకోవచ్చు. అలా ల్యాబు దాకా వెళ్ళి, మామూలుగా ఉందన్న కాగితంతో దిగులుపడి కూర్చున్నాను. కొసకి కాశీబుగ్గలో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి దాన్ని తీసుకెళ్ళాను. ఆయన షుగరు, థైరాయిడు కూడా చేయించమన్నాడు. అవీ మామూలే. అన్నీ ముందు పెట్టుకుని కళ్ళజోడు మీంచి చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గదా. మరా మొహం ఏంటి?"

"బాగుంటే ఇలా ఎందుకున్నానండీ?"

"ఏం పని చేస్తావు?"

చెప్పాను. సెలవురోజు ఎలా ఉంటావని అడిగాడు. సెలవురోజు మధ్యాహ్నం దాకా బాగుంటుందనీ, భోజనం అయ్యాక మర్నాడు గుర్తొచ్చి కడుపులో తిప్పుతుందనీ చెప్పాను. ఎన్నాళ్ళనుంచని అడిగాడు. ఏడాది పైనే అన్నాను.

ఆయన కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు. "నేను రక్తం చూస్తాను, పని చూడను. కొన్నాళ్ళు పని మానేసి చూడు. మానేస్తే తేలికపడి, మళ్ళీ వెళ్ళినా తేలిగ్గానే ఉంటే, పని ఎక్కువై అలిసిపోయావని. వెళ్ళగానే తిరగబెడితే, సెలవు మందు కాదని. అప్పుడు నా దగ్గరికి కాదు, నీ డైరెక్టరు దగ్గరికి పో." నిద్రమాత్రలు అడిగితే ఇవ్వలేదు. ఆ రోజు తిట్టుకున్నాను గాని, నా విషయంలో సూటిగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

జులైలో సెలవు అడిగాను. డైరెక్టరు చాలాసేపు సెలవిచ్చాడు. అంటే, ఉపన్యాసం. "అలసటనేది మనసులో ఉంటుంది మాస్టారూ. నన్ను చూడండి, నేను అలుస్తున్నానా?" అన్నాడు, చల్లగదిలో కూర్చుని, ముందు జీడిపప్పు పళ్ళెం పెట్టుకుని. నా పని చేస్తే తెలిసేది అలుస్తాడో లేదో. నా చేత నలుగురి పని చేయించుకుంటూ, తాను అలవడం లేదని నాకు ఆదర్శంగా చూపిస్తున్నాడు! "మీది మహా మనసండీ" అన్నాను. పొగడ్తనుకున్నాడు. పదిహేను రోజులు దొరికాయి.

ఊరెళ్ళిపోయాను. మొదటి నాలుగు రోజులూ తిని పడుకోవడమే. తరవాత తోటలో తిరిగాను. రేవుకెళ్ళి పడవలు ఒడ్డుకి లాగడం చూశాను. నాలుగు జోకులు వేశాను, వాటికి అమ్మ నవ్వింది. విశ్రాంతి అన్న మాటలోనే శ్రాంతి ఉంది, శ్రాంతి అంటే అలసట. అలసటకి ముందొక 'వి' తగిలిస్తే అది పోతుందని మన పెద్దలు అన్నారు. పోయినట్టే అనిపించింది కూడా. అంతా తగ్గిపోయిందని మా ఆవిడకి ఫోను చేసి చెప్పాను.

పదహారో రోజు పాసింజరెక్కాను. పూండి స్టేషను దాకా బాగానే ఉన్నాను. నౌపడలో ఉప్పుమళ్ళు కనపడగానే తిరుగు బండి ఎన్నింటికో లెక్కవేసుకున్నాను. ఒకప్పుడు అక్కడే గదా పాఠం ఆలోచించుకునేవాణ్ణి! ఆటో దిగేసరికి చెమటలు పట్టాయి. ఆ వారం తిరక్కుండానే సెలవంతా కరిగిపోయింది. అసలు సెలవు పెట్టానో లేదో కూడా తెలియనంతగా. పిల్లల మీద అరిచాను. వరండాలో నిలబెట్టినవాడొకడు నవ్వితే చాక్‌పీసు విసిరాను. వాడికి తగలలేదు, గోడకి తగిలింది. నాకు అదీ చేతకాలేదు.

ఇంట్లో మా ఆవిడ కోపంగా ఉంది. మేనమామ కూతురు. తను పుట్టినప్పట్నుంచీ నన్ను చూస్తోంది గనక గౌరవం లేదు.

"బావా, నువ్వింక బాగుపడవా? పదిహేను దినాలు మా అత్త సేత పనస తొనలు ఒలిపించుకుని తిన్నావు. ఎలిపోయి పనికెక్కినావు, మల్లీ సచ్చిన సేపలాగ తయారైపోనావు."

"ఆ ఉద్యోగం నన్ను తినేస్తోందే."

"మానీ అయితే."

"మానేసి?"

"మా అన్న జీడి ఫ్యాక్టరీలో ఏదో ఒకటి సూసుకోరాదా. ఎన్నిసార్లు అడిగీసినాడు?"

మా ఆవిడ అన్న, అంటే నా బావమరిది, కాశీబుగ్గ శివార్లలో చిన్న జీడిపప్పు బట్టీ నడిపేవాడు. నమ్మకమైన మనిషి పక్కనుండాలని చాలాకాలంగా పిలుస్తున్నాడు. ఆ మాట వింటే నాకు స్వర్గం పిలుస్తున్నట్టుండేది. క్లాసు లేదు, తల్లిదండ్రుల్లేరు, మార్కుల్లేవు. గింజలు పిడికెడు పాఠం కూడా అడగవు. అయితే ఉద్యోగం మానేసే ముందు కాస్త రుచి చూద్దామని, దసరాకి ఇచ్చిన కొద్ది సెలవులకి జీతంలేని సెలవు మరికొంత కలిపి, అక్కడికి వెళ్ళాను. నేను తీసుకున్న నిర్ణయాల్లో తెలివైంది ఇదొక్కటే. అది కూడా భయం వల్ల తీసుకున్నదే.

మొదటి వారం నిజంగా స్వర్గమే. పొగ, జీడినూనె ఘాటు, బస్తాలు దించే అరుపులు. అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, నన్నెవరూ ఏమీ అడగడం లేదు. రాత్రి నిద్ర పట్టింది. ఇదే నా దారి అనుకున్నాను. రెండో వారం మధ్యలో ఒక మధ్యాహ్నం, పప్పు రకాలు విడదీసే గదిలో కూర్చుని, గుండు, బద్ద, ముక్క అని చూస్తుంటే, నాకు జీడిపప్పు మీద ఇష్టం లేదని అర్థమైంది. తినడం తప్ప. నేను ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నది ఇక్కడికి వచ్చినందుకు కాదు, అక్కడ లేనందుకు. పారిపోవడం వేరు, చేరుకోవడం వేరు. రెండూ పరుగే గనక కాళ్ళకి తేడా తెలియదు.

ఆ సంగతి పూర్తిగా తెలిసింది మర్నాడు. గింజల్ని ఆవిరిలో ఉడికించే పెద్ద డబ్బా దగ్గర బావమరిది నిలబడి విసుక్కుంటున్నాడు. రోజూ అంతే సేపు ఉడికిస్తే ఒకరోజు తొక్క చక్కగా పగులుతోంది, ఒకరోజు పగలడం లేదని. నేను మూత దగ్గర చూశాను. మూతకీ డబ్బాకీ మధ్య రబ్బరు చిరిగి ఆవిరి తన్నుకొస్తోంది. 'ఒత్తిడి నిలవడం లేదు, అందుకే వేడి చాలడం లేదు' అంటే సరిపోయేది. నేనక్కడ ఆగలేదు.

నీళ్ళు నూరు డిగ్రీల దగ్గరే మరుగుతాయని ఎవరన్నారని మొదలెట్టాను. పైన మూత బిగించి ఒత్తిడి పెంచితే నీటికణాలు తప్పించుకోవడానికి ఇంకా వేడి కావాలన్నాను. బొగ్గుముక్క తీసి గోడ మీద గీశాను. కొండ మీద అన్నం ఎందుకు సరిగ్గా ఉడకదో చెప్పాను. ఇంట్లో కుక్కరు ఎందుకు విజిలేస్తుందో చెప్పాను. గీత మీద గీత గీసి గోడ సగం నల్లగా చేశాను.

"బావా," అన్నాడు బావమరిది జాలిగా. "రబ్బరు మార్సీమంటావా, మార్సొద్దంటావా? అది సెప్పు. నాను పదో తరగతి రెండుసార్లు తప్పినోణ్ణి. ఈ గోడ మీద మూడోసారి తప్పించీకు."

అప్పటికే మా ఆవిడ క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపయ్యిందో తెలియదు. గోడ చూసింది, నన్ను చూసింది.

"నీకు అలుపేటి బావా?" అంది. "మా అన్న ఆవులిస్తన్నా వొగ్గినావు కాదు. నువ్వు అలిసిపోయింది పాఠానికి కాదు. ఆ తిరుగుడికీ, ఆ కాపలాకీ."

నాకు కోపం వచ్చింది. అంత సులువైన సంగతి ఏడాదిన్నరగా నా చేతికి అందకపోవడం మీద కోపం. పాఠాన్నీ, దాని చుట్టూ అల్లిన ఉచ్చునీ కలిపి ఒకే మూటగా కట్టి 'నాకు చదువు చెప్పడం పడదు' అని పేరు పెట్టుకున్నాను. ఇంకొన్నాళ్ళైతే ఆ మూటంతా సముద్రంలో పారేసి, జీడి గింజల పక్కన కూర్చుని జీవితాంతం గోడలు నల్లగా చేసేవాణ్ణి. నాకు కావలసింది విశ్రాంతి కాదు, అది చూశాను. వృత్తి మార్చడమూ కాదు, అదీ చూశాను. మిగిలింది ఒక్కటే. అదే వృత్తిలో వేరే పని.

దసరా తరవాత డైరెక్టరు గదికి వెళ్ళాను.

"నాకు క్లాసులే ఇవ్వండి. ఎన్నైనా చెబుతాను. హాస్టలు వద్దు, కాన్వాసింగ్ వద్దు. దానికి జీతం తగ్గించుకోండి," అన్నాను.

ఆయన నవ్వాడు. జీడిపప్పు పళ్ళెం నా వైపు జరిపాడు. "మాస్టారూ, మీరు తిరగేసి అడుగుతున్నారు. నేనే పిలిచి చెబుదామనుకున్నాను. మీకు పదోన్నతి. వచ్చే ఏడాది నుంచి మీరు ఉద్దానం మొత్తానికి ఇన్‌ఛార్జి. క్లాసులే ఉండవు! సొంతంగా జీపు. ఫిజిక్సు చెప్పేవాడు ఎక్కడైనా దొరుకుతాడు. ఇంటింటికీ వెళ్ళి మన అనిపించుకునేవాడు దొరకడు. మీలాంటి నోరు బ్లాక్‌బోర్డు ముందు వేస్టు."

పదోన్నతి. పద, ఊళ్ళు తిరుగు అని. నన్ను కాలుస్తున్నదేదో ఏరి, అదే నిండా పోసి, దానికి దండ వేసి నా చేతికిస్తున్నాడు. నన్ను బతికిస్తున్న ఒక్కటీ లాక్కుంటున్నాడు. ఆయనకి దుర్మార్గం కూడా లేదు, నిజంగా నా మేలే అనుకుంటున్నాడు. అందుకే ఒళ్ళు మరింత మండింది. దుర్మార్గుణ్ణయితే తిట్టొచ్చు. మేలు చేసేవాణ్ణి ఏం చెయ్యాలి?

"అలుపని చెప్పినవాడికి జీపిస్తే కూర్చుని అలుస్తాడు, అంతేగా?" అన్నాను.

"అదేంటి?"

"నేను మానేస్తున్నానండీ."

ఆయన నవ్వు ఆగింది. "అన్నం పెట్టిన చెయ్యి..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు అరిచాను. నా జన్మలో అంతగా అరవలేదు. గదిబయట గుమాస్తాలు లేచి నిలబడ్డారట, తరవాత చెప్పారు. మంచం మీదున్న మనుషుల ముందు నన్ను నిలబెట్టి ఆశలు అమ్మించారని అరిచాను. నిద్ర లేదంటే మనసు మీదకి తోశారని అరిచాను. పిల్లల్నీ మమ్మల్నీ ఒకే వరండాలో నిలబెట్టారని అరిచాను. మామూలుగా నా మాటల్లో ఎక్కడో ఓ శ్లేష దూరుతుంది. ఆ రోజు ఒక్కటీ దూరలేదు.

"మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో ఉన్నాయి," అన్నాడాయన చల్లగా. ప్రైవేటు కాలేజీల్లో చేరినరోజే వాటిని లాక్కుని దాచుకునేవారు, కట్టుగొయ్యకి పలుపుతాడు లాగా. "పరీక్షలయ్యేదాకా కదిలితే అవి దొరకవు."

కదలాలని నాకూ లేదు. ఆ బ్యాచి పిల్లల పాఠాలు సగంలో ఉన్నాయి. మార్చి దాకా చెబుతాను, ఎండాకాలంలో జీపు మాత్రం ఎక్కనని చెప్పాను. తమాషా ఏమిటంటే, పోయే తేదీ తెలిశాక ఆ నెలలు కాస్త తేలికయ్యాయి. హాస్టలు డ్యూటీ రాత్రుళ్ళు మాత్రం చివరిదాకా తేలిక కాలేదు. అది కూడా నాకు రుజువుగానే పనికొచ్చింది. పరీక్షలయ్యాక సర్టిఫికెట్లు ఇచ్చారు. డైరెక్టరు జీడిపప్పు తిన్న చేతి మరకలేమైనా ఉన్నాయేమోనని చూసుకున్నాను. శుభ్రంగానే ఉన్నాయి, మరకలన్నీ నాకే అంటుకున్నాయి.

జూన్‌లో పలాసలో ఒక చిన్న కాలేజీలో చేరాను. కిరాణా కొట్టు మీద మేడ, దాని పైన రేకుల పాక. అద్దె పాకలో అధ్యాపకుణ్ణి. హాస్టలు లేదు, జీపు లేదు, పేరు చెప్పుకోడానికి ర్యాంకులూ లేవు. పొద్దున్న మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం. సాయంత్రం ఫిజిక్సు తప్పి మళ్ళీ రాసుకునేవాళ్ళు. జీతం తగ్గిందని చుట్టాలు పరామర్శకొచ్చారు. ఒక పెదనాన్న అయితే, "ఏటిరా, కాలేజీవోలు తీసీసినారా?" అని జాలిపడ్డాడు. తీసేశారని చెబితే ఊరుకునేవాడు. మానేశానంటే నమ్మలేదు. ఒంట్లో జబ్బు లేనివాడు మంచి జీతం మానుకుంటే, మా వైపు దానికి మాట లేదు. నాక్కూడా ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కున్నాను.

అక్కడ అలుపు లేదని కాదు. మే నెలలో రేకుల కింద మూడు గంటలు మాట్లాడితే ఎవరికైనా నాలుక పిడచకడుతుంది. అద్దంలో మొహం మీద చాక్‌పీసు పొడి, వీపు మీద చెమట. కాని అది పడుకుంటే పోయే అలుపు. పొద్దున్న లేస్తే ఉండేది కాదు. ఈ రెండు అలుపులకీ మన భాషలో ఒకటే పేరుండడం పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. ఒకటి పగటి లెక్క, రోజూ తీరిపోతుంది. రెండోది మనిషి తనది కాని చోట ఉన్నాడని లోపల్నించి కొట్టే గంట. నేను దాన్ని ఏడాదిన్నరపాటు కిడ్నీ అనుకున్నాను.

మరుసటి ఎండాకాలంలో మా ఊళ్ళో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం మా వీధిలోకి జీపొచ్చింది. పాత కాలేజీ పేరు రాసిన గుడ్డ కట్టి ఉంది. కెమిస్ట్రీ మాస్టారూ, డ్రైవరూ, కొత్తగా చేరిన లెక్కల మాస్టారూ దిగారు. కెమిస్ట్రీ మాస్టారి కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. నన్ను చూసి ఆయన మొహం తెల్లబోయింది.

"ఇది మీ ఊరని గుర్తు నేదు మాస్టారూ," అన్నాడు. "ఉద్దానానికి ఇన్‌ఛార్జి నన్నే సేసినారు."

"అయ్యో," అన్నాను. "శుభాకాంక్షలు."

లోపలికి రమ్మన్నాను. ఇంకా ఏడెనిమిది ఊళ్ళున్నాయని వద్దన్నారు. మా అమ్మ అప్పటికే పీటలు వేసేసింది. పచ్చి పనస కూర, మామిడి పులుసు, ఎండు రొయ్యల వేపుడు, మీద గడ్డ పెరుగు. అడిగిన వాళ్ళకీ, అడగనివాళ్ళకీ మారు వడ్డించింది. మా ఆవిడ ఎవరి ఆకూ ఖాళీ కానివ్వలేదు. చేతులు కడుక్కుంటుంటే తోటలో కొబ్బరి నీడన చాపలు పరిచాను, దిళ్ళు పెట్టాను. "ఒక్క నిమిషం నడుం వాల్చండి," అన్నాను. సముద్రం మీదనుంచి గాలి వస్తోంది. లెక్కల మాస్టారు అర నిమిషానికే నిద్రపోయాడు. డ్రైవరు జీపు తాళాలు జేబులో పెట్టుకునే మధ్యలోనే పోయాడు. కెమిస్ట్రీ మాస్టారు నోరు తెరుచుకుని, ఏళ్ళ తరబడి పోగైన నిద్రంతా ఒకేసారి పోయాడు.

నేను పక్కన కుర్చీ వేసుకుని ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. వాళ్ళ ఉద్యోగం సంగతి ఈ నిద్రతో తేలదని నాకు తెలుసు. తేలడానికి నాకెంత పట్టిందో కూడా తెలుసు. అయినా ఆ పూటకి వాళ్ళు నా చేతిలో ఉన్నారు. ఏడెనిమిది ఊళ్ళూ వాళ్ళ కోసం అలాగే ఎండలో ఎదురుచూస్తున్నాయి.

నాలుగింటికి కెమిస్ట్రీ మాస్టారి జేబులో సెల్‌ఫోను మోగింది. ఆయన కదల్లేదు. తీసి చూశాను. డైరెక్టరు.

"ఏమయ్యా, ఎన్ని అడ్మిషన్లయ్యాయి?" అన్నాడు అవతలనుంచి.

"ఆయన ఇప్పుడు మాట్లాడే పరిస్థితిలో లేరండీ," అన్నాను, గొంతు తగ్గించి. "ఒక ఇంట్లో బాగా లోతుగా దిగిపోయి ఉన్నారు. ఇప్పుడు కదిపితే అంతా చెడుతుంది."

"శెభాష్! కదపొద్దు, కదపొద్దు," అన్నాడాయన.

ఫోను ఆపి, దిండు కింద పెట్టాను. మళ్ళీ విసనకర్ర అందుకున్నాను. పొద్దు వాలేదాకా ఎవర్నీ లేపలేదు.